బ్రాకెట్లో ఉండే అంకె

తమ్ముడూ,

హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, సంతోషం. కానీ రెండో పేజీకి వచ్చేసరికి నాకు చిరాకు మొదలైంది. ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి వదిలేసే విషయం కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు అని ఐదు చోట్ల రాశావు. అమ్మ పడ్డ కష్టానికి మూడు పేరాలు ఇచ్చావు. 2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జరిగిన 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌కి మాత్రం ఒకే ఒక్క వాక్యం: "అద్భుతంగా పరుగెత్తి రజతం సాధించింది." ఆ అద్భుతం ఏమిటో వ్యాసంలో ఎక్కడా లేదు. పేదరికం నిజం, రాయాల్సిందే. కానీ అది ఆ అమ్మాయి పుట్టిన పరిస్థితి, చేసిన పని కాదు. అలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లు విశాఖలో వేలమంది ఉన్నారు. పదమూడు సెకన్ల లోపు పది హర్డిల్స్ దాటింది మాత్రం ఈమే. ఆ తేడా ఎక్కడ తయారైందో వెతకలేదు నువ్వు.

ముందు ఆ పోటీ ఎలా ఉంటుందో చూడు. స్టార్ట్ లైన్ నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు. అక్కణ్నుంచి ఒక్కో హర్డిల్‌కీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. చివరి హర్డిల్ దాటాక ఫినిష్ లైన్‌కి పదిన్నర. ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే ఆడవాళ్లకి ఇంచుమించు తుంటి దాకా వస్తుంది. మొదటి హర్డిల్‌కి మామూలుగా ఎనిమిది అడుగులు. ఆ తర్వాత ప్రతి రెండు హర్డిల్స్ మధ్యా మూడే అడుగులు. వేగం పెరిగినా మూడే, అలిసిపోయినా మూడే. ఇక్కడే ఉంది అసలు చిక్కు. పరిగెత్తేవాళ్ల వేగం పెరిగేకొద్దీ అడుగు దానంతటదే సాగుతుంది. కానీ హర్డిల్ ఉన్నచోటనే ఉంటుంది. సాగిన అడుగుతో వెళ్తే దానికి మరీ దగ్గరగా లేవాల్సి వస్తుంది, కాలు కొట్టుకుంటుంది. అందుకని వేగం పెంచుకుంటూనే అడుగు కుదించుకోవాలి, పాదం నేల మీద తక్కువ సేపు ఉండాలి. ఒంటి స్వభావానికి ఎదురెళ్లే పని అది. ఏళ్ల తరబడి ప్రాక్టీసులో నేర్చుకునేది అదే. దాని గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేదు.

నేను జిల్లా విలేకరిగా చేరిన కొత్తలో, స్టేడియంలో ఓ పాత పీఈటీ మాస్టారు నన్ను స్టాండ్స్‌లోంచి కిందికి పిలిచి మూడో హర్డిల్ పక్కన మట్టిలో కూర్చోబెట్టారు. "చూడొద్దు, విను" అన్నారు. కళ్లు మూసుకుని విన్నాను. బాగా పరిగెత్తే పిల్ల వచ్చినప్పుడు మూడు చప్పుళ్లూ ఒకే ఎడంతో పడ్డాయి, తర్వాత గాల్లో ఉన్నంతసేపూ నిశ్శబ్దం, మళ్లీ మూడు. ఇంకో పిల్ల వచ్చినప్పుడు మూడో చప్పుడు సాగింది, వెంటనే చెక్క మోగింది. పరుగు అయ్యాక మాస్టారు ఆ పిల్లని పిలిచి కాలు చూపించమన్నారు. వెనక వచ్చే కాలి మోకాలి లోపలి వైపు, చీలమండ దగ్గర చర్మం లేచిపోయి ఉంది. పాత గాయం మానకముందే దాని మీద కొత్తది. ఆ తర్వాత హర్డిల్స్ వాళ్లతో ఎప్పుడు మాట్లాడినా నేను ముందు అడిగింది "ఏ హర్డిల్ దగ్గర తగిలింది?" అనే. ఆ ప్రశ్న అడిగితే వాళ్లు మనతో వేరేగా మాట్లాడతారు. "ఎలా ఫీలవుతున్నారు?" అంటే మాత్రం అందరూ చెప్పేదే చెబుతారు.

ఇక నువ్వు "దురదృష్టం వెంటాడింది, రికార్డులు లాక్కున్నారు" అని రాసిన పేరా. నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే. ఎవరూ ఏమీ లాక్కోలేదు. వరసగా చూద్దాం.

అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు, 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పింది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన యూనివర్సిటీల పోటీలో జ్యోతి 13.03 పరిగెత్తింది. అక్కడ ఆమెకు డోప్ టెస్ట్ జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య తరఫు సాంకేతిక ప్రతినిధీ లేరు, అందుకని లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09. రిజల్ట్ షీటులో దాని పక్కన బ్రాకెట్లో +2.1 అని ఉంటుంది. వెనక నుంచి వీచిన గాలి వేగం అది, సెకనుకు ఎన్ని మీటర్లో చెబుతుంది. +2.0 దాటితే ఆ టైము రికార్డుకి పనికిరాదు. మళ్లీ 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. బ్రాకెట్లో -0.1, అంటే కాస్త ఎదురుగాలి. రికార్డు పుస్తకంలోకి ఎక్కింది ఇదే.

నువ్వు ఏప్రిల్ పరుగు గొప్పదనీ, మే నెలది "ఎట్టకేలకు దక్కిన ఊరట" అనీ రాశావు. షీటు చదివినవాడు అలా రాయడు. వెనక నుంచి రెండు మీటర్ల గాలి ఉంటే ఈ పోటీలో సెకనులో పదో వంతుకి పైగానే కలిసొస్తుంది. రెండు టైముల మధ్య తేడా 0.14. గాలి తీసేసి చూస్తే రెండూ దాదాపు ఒక స్థాయి పరుగులే. పైగా ఆ తోసే గాలి ఊరికే కలిసొచ్చేది కాదు. ఇందాక చెప్పిన అడుగు చిక్కుని అది ఇంకా పెంచుతుంది, హర్డిల్ మీదికి తోస్తుంది. ఆ తోపుని తట్టుకుని ఏమీ పడగొట్టకుండా రావడంలో ఒక నైపుణ్యం, ఎదురుగాలిలో లయ తప్పకుండా రావడంలో ఇంకొకటి. ఐదారు వారాల్లోనే రెండూ చూపించింది ఆ అమ్మాయి. నీ పాఠకుడికి ఇది తెలిస్తే జాలిపడడు, ముందుకి వంగి చదువుతాడు.

గాలి ఎలా కొలుస్తారో కూడా రాయి. ఫినిష్ లైన్‌కి 50 మీటర్ల దూరంలో, ట్రాక్ పక్కన, 1.22 మీటర్ల ఎత్తున గాలి మీటరు పెడతారు. ఈ పోటీకి తుపాకీ పేలినప్పటి నుంచి 13 సెకన్లు కొలుస్తారు. వచ్చిన అంకెని పై దశాంశానికి సరిచేస్తారు, 2.03 వచ్చినా 2.1 అనే రాస్తారు. రికార్డుకీ రికార్డు కానిదానికీ మధ్య ఉన్న గీత ఎంత సన్ననిదో చెప్పడానికి ఈ రెండు వాక్యాలు చాలు, విధి, దురదృష్టం అక్కర్లేదు.

నాకు తెలుసు, ఇవి రాస్తే డెస్కులో కొట్టేస్తారని భయపడతావు. నా కాపీలోనూ కొట్టేశారు. ఒక ఎడిటర్ గారు, ఎవరో ఇప్పుడు అనవసరం, బ్రాకెట్లో ఉన్న ప్రతి అంకెనీ ఎర్ర పెన్నుతో తీసేసి "ఈ ప్లస్సులూ మైనస్సులూ ఎవడిక్కావాలయ్యా, అమ్మ ఏడ్చిందా లేదా అది రాయి" అనేవారు. అమ్మ ఏడ్చిందని నేను రాయలేదని వార్త ఆపేసిన రోజులున్నాయి. క్రికెట్ అయితే మాత్రం ఒక్కో ఓవర్‌లో ఏ బంతి ఎటు తిరిగిందో వేసేవారు, పాఠకులకు అర్థమవుతుందా అని ఎవరూ అడగలేదు. అథ్లెటిక్స్ చదివే పాఠకుడు తెలివితక్కువవాడని ఎందుకనుకోవాలి? ఇప్పటికీ హర్డిల్స్ అమ్మాయి గెలిస్తే "కష్టాల హర్డిల్స్ దాటి" అనే శీర్షికే. నీ శీర్షికా అదే. తీసెయ్.

పతకం రంగు చూసి పరుగు విలువ కట్టావు, అదీ సరిచెయ్యాలి. 2023 ఆగస్టులో చెంగ్డూలో జరిగిన ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో ఆమె 12.78 పరిగెత్తి కాంస్యం తెచ్చుకుంది. రెండు నెలలకి హాంగ్‌జౌలో 12.91 పరిగెత్తి వెండి తెచ్చుకుంది. మెల్లగా పరిగెత్తిన రోజున పెద్ద పతకం! ఆ 12.78 నీ వ్యాసంలో "కాంస్యంతో సరిపెట్టుకుంది" అనే మాటల్లో కొట్టుకుపోయింది. అది అప్పటికి జాతీయ రికార్డు. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా వెళ్లడానికి పెట్టిన ప్రమాణం 12.77. సెకనులో నూరో వంతు తక్కువైంది.

అయినా హాంగ్‌జౌ పరుగు చిన్నదని కాదు. అక్కడ ఏం జరిగిందో చూడు. తుపాకీ పేలకముందే చైనా అమ్మాయి వు యన్ని కదిలింది. పక్క లేన్‌లో ఉన్న జ్యోతి ఆ కదలికకి తానూ లేచింది. ఇద్దరినీ తప్పుకోమన్నారు. ఇంకొకరి కదలిక వల్ల కదిలినవాళ్ల మీద ఫాల్స్ స్టార్ట్ పడకూడదు, జ్యోతి అదే వాదించింది. స్టేడియం నిండా ప్రేక్షకులు, ట్రాక్ మీద వాదన, స్క్రీన్‌లో రీప్లేలు. చివరికి ఇద్దరినీ అభ్యంతరం నమోదు చేసి పరిగెత్తనిచ్చారు. అంటే తన పరుగు లెక్కలోకి వస్తుందో రాదో తెలియకుండానే ఆ అమ్మాయి మళ్లీ బ్లాక్స్‌లో పాదాలు పెట్టింది. అంత టెన్షన్‌లో స్టార్ట్ దెబ్బతింటే ఎనిమిదో అడుగు సరైన చోట పడదు. అది తప్పితే తర్వాత తొమ్మిది సార్లూ తప్పు మోస్తూనే ఉండాలి. 12.91లో మూడో స్థానంలో వచ్చింది. వు యన్నిని తర్వాత అనర్హురాలిగా తేల్చారు, జ్యోతికి వెండి వచ్చింది. జపాన్‌కి చెందిన తనాకా యుమి 13.04తో కాంస్యం. ఇదంతా నువ్వు "కాస్త వివాదం నడుమ" అని మూడు మాటల్లో దాటేశావు.

మళ్లీ రాసేటప్పుడు ఈ క్రమంలో చెయ్యి. ఆమె అన్ని టైములూ, తేదీ, ఊరు, గాలి అంకెతో సహా ఒక కాగితం మీద వరసగా వేసుకో. ఎక్కడ పెద్ద దూకుడు కనిపిస్తే అక్కడ ఆగు. 2022 మేలో 13.23 ఉన్నది అక్టోబర్‌కి 12.82 అయింది, భారతదేశంలో ఈ పోటీలో పదమూడు సెకన్ల లోపుకి వెళ్లిన మొదటి మహిళ అయింది. ఆ ఐదు నెలల్లో ఏం మారింది? భువనేశ్వర్‌లో ఆమెకు శిక్షణ ఇచ్చిన కోచ్ జేమ్స్ హిల్లియర్ ఏం మార్పించాడు, అడుగులోనా, స్టార్ట్‌లోనా, జిమ్‌లోనా? వీడియో పెట్టుకుని హర్డిల్స్ మధ్య అడుగులు లెక్కపెట్టు, ఏ హర్డిల్ దగ్గర పక్కవాళ్లు ముందుకెళ్లారో రాసుకో. అప్పుడు ఇంటర్వ్యూ అడుగు. అమ్మానాన్నల సంగతి ఒక్కసారి, సరైన చోట రాస్తే చాలు.

ఏ పత్రికలో చేరాలి, పుస్తకం ఎప్పుడు వెయ్యాలి అని అడిగావు. వాటికి ఇప్పుడు జవాబు రాయను.

దీనికంటే ముందు ఇంకో పని చెయ్యి. 2024 పారిస్‌లో, ఒలింపిక్స్‌లో ఈ పోటీకి దిగిన మొదటి భారతీయురాలిగా, ఆమె తొలి రౌండు హీట్‌లో 13.16, అక్కడ వెనకబడినవాళ్లకి ఇంకో అవకాశంగా పెట్టే రెపెచాజ్‌లో 13.17 పరిగెత్తి వెనుదిరిగింది. పతకం లేదు కాబట్టి నీ వ్యాసంలో అది లేదు. ఆ రెండు పరుగుల మీద ఒక పేజీ రాసి పంపు. రెండు వీడియోలూ చూసి, ఏ హర్డిల్ దగ్గర మిగతావాళ్లు దూరమయ్యారో అందులో ఉండాలి.

మీ అన్నయ్య