కీమో మొదలవగానే కాల్షియం ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: మాది కావలి. తమ్ముడికి అక్యూట్ లుకేమియా. కీమో పెట్టిన మర్నాడు పొటాషియం 4.2 నుంచి 6.1కి, ఫాస్ఫేట్ 4 నుంచి 8కి, యూరిక్ యాసిడ్ 9.5కి పెరిగాయి. కాల్షియం మాత్రం 9 నుంచి 6.8కి పడిపోయింది. టెన్షన్‌గా ఉంది. కాల్షియం ఎందుకు ఎక్కించడం లేదు?

జవాబు: దీన్ని ట్యూమర్ లైసిస్ అంటారండీ. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలు మందుకు ఒక్కసారిగా పగిలి, లోపలి పొటాషియం, ఫాస్ఫేట్ రక్తంలోకి వస్తాయి. వాటి డీఎన్ఏ విరిగి యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. సాధారణంగా మొదటి మూడు రోజుల్లోనే ఇది జరుగుతుంది.

కాల్షియం సంగతి వేరు. లుకేమియా కణాల్లో ఫాస్ఫేట్ మామూలు కణాల్లో కంటే చాలా ఎక్కువ. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టుకుని గట్టి స్ఫటికాలవుతుంది. అవి కిడ్నీలో పేరుకుంటాయి, యూరిక్ యాసిడ్ కూడా అక్కడే పేరుకుంటుంది. ఇప్పుడు కాల్షియం ఎక్కిస్తే స్ఫటికాలు ఇంకా పెరుగుతాయి. అందుకే లక్షణాలు లేకపోతే డాక్టర్లు ఆగుతారు. ఫాస్ఫేట్ దిగితే కాల్షియం దానంతటదే లేస్తుంది. చేతివేళ్లు కొంకర్లు పోవడం, ఫిట్స్, ఈసీజీలో తేడా వస్తే మాత్రం ఇస్తారు.

తక్షణ ప్రమాదం పొటాషియంతోనే, గుండె లయ తప్పుతుంది. అందుకే కొన్ని గంటలకోసారి రక్తం తీస్తారు, సెలైన్ బాగా ఎక్కిస్తారు. మూత్రం తగ్గితే వెంటనే నర్సుకు చెప్పండి, డయాలసిస్ అవసరం కావచ్చు.

మనవైపు పేషెంటు దగ్గరికి కొబ్బరినీళ్లు, అరటిపళ్లు తీసుకెళ్తాం. రెండిట్లోనూ పొటాషియం ఎక్కువే, పాలల్లో ఫాస్ఫేట్ ఉంటుంది. డాక్టర్ సరేననేదాకా దయచేసి ఇవ్వకండి.