లాభం పది లక్షలు, బ్యాంకులో మాత్రం లక్ష తగ్గింది

ప్రశ్న: డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను. ఫైనాన్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో "లాభం వచ్చినా నగదు ఎందుకు తగ్గింది?" అని అడుగుతారట. క్యాష్ ఫ్లో ఇన్‌డైరెక్ట్ మెథడ్ ఫార్మాట్ బట్టీ పట్టాను కానీ ప్లస్, మైనస్ గుర్తులు తారుమారవుతున్నాయి. ఎలా ప్రిపేర్ కావాలి?

జవాబు: ఫార్మాట్ పక్కన పెట్టి ఒక లెక్క చేయండి. ఒక కంపెనీ నికర లాభం 10 లక్షలు. ఏడాది మొదట్లో బ్యాంకులో 5 లక్షలుంటే, చివర్లో 4 లక్షలే ఉన్నాయి.

ముందు బాకీలు చూడండి. అమ్మకాలు 60 లక్షలు, ఖాతాదారుల దగ్గర వసూలైంది 52 లక్షలే. సరుకు ఇచ్చేశారు కాబట్టి లాభంలోకి 60 మొత్తం చేరింది. చేతికి రాని ఆ 8 లక్షలే బ్యాలెన్స్ షీట్‌లో రావలసిన బాకీల పెరుగుదల. లాభం నుంచి తీసేయాల్సింది ఆ పెరుగుదలనే, బాకీల మొత్తాన్ని కాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

సరుకు నిల్వ 4 లక్షలు పెరిగింది. అమ్ముడుపోని సరుకు లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా పడదు, అందుకే దాన్నీ తీసేస్తాం. కొన్నదంతా నగదిచ్చి కొన్నారని అనుకోవద్దు, సప్లయర్ల దగ్గర అరువుకు తెచ్చిన భాగం తర్వాతి వరుసలో సర్దుకుంటుంది. సప్లయర్లకు ఇవ్వాల్సింది 2 లక్షలు పెరిగింది, అది కలుపుతాం. తరుగుదల 3 లక్షలు కూడా కలుపుతాం. అలాగని తరుగుదల డబ్బు తెచ్చిపెడుతుందని ఇంటర్వ్యూలో అనకండి. నగదు కదలకుండానే ఖర్చుగా రాశారు కాబట్టి వెనక్కి కలుపుతున్నాం, అంతే.

10 + 3 − 8 − 4 + 2 = 3. అంటే వ్యాపారం నడపడం వల్ల వచ్చిన నగదు 3 లక్షలే. 6 లక్షలు పెట్టి మెషీన్ కొన్నారు, 2 లక్షలు లోన్ తెచ్చారు. 3 − 6 + 2 చేస్తే −1. బ్యాంకులో తగ్గింది సరిగ్గా అంతే. ఇది కలవకపోతే ఎక్కడో గుర్తు తప్పింది. తేడా సరిసంఖ్య అయితే దాన్ని సగం చేసి చూడండి, ఆ అంకె ఉన్న వరుసలోనే తరచుగా దొరుకుతుంది.

ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఇష్టమైన మెలిక ఇంకొకటుంది. పుస్తక విలువ 2 లక్షలున్న పాత మెషీన్‌ను 3 లక్షలకు అమ్మితే ఎక్కడ చూపిస్తారు? లాభంలో కలిసిన 1 లక్షను ఆపరేటింగ్ భాగంలో తీసేసి, వచ్చిన 3 లక్షలూ ఇన్వెస్టింగ్ కింద చూపాలి. లేదంటే ఆ లక్ష రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ప్రాక్టీస్‌కు ఏదైనా లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక తీసుకోండి. రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లలో బాకీల తేడా క్యాష్ ఫ్లోలోని అంకెతో కలవకపోయినా టెన్షన్ పడొద్దు. ఆ ఏడాది వేరే కంపెనీని కొన్నా, విదేశీ కరెన్సీ రేట్లు మారినా కలవదు. ముందు చిన్న, ఒకే దేశంలో నడిచే కంపెనీతో మొదలుపెట్టండి.