‘లిమరెన్స్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: మనస్తత్వ శాస్త్ర వ్యాసాలు కొన్ని తెలుగు చేస్తున్నాను. ‘లిమరెన్స్’ అన్నచోట నేను ‘వ్యామోహం’ అని రాస్తే సంపాదకులు ‘విరహం’ అని దిద్దారు. ఒక మిత్రుడు ‘పూర్వరాగం’ బాగుంటుందన్నారు. ఇంకొకరు, అదీ ప్రేమే కదా, వేరే మాట దేనికన్నారు. ఏది వాడాలి?

సమాధానం: ఈ మాటను కల్పించినవారు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డొరొతీ టెన్నోవ్. 1979లో వెలువడిన ఆమె పుస్తకంతో అది వాడుకలో నిలిచింది. దానికి ఏ భాషలోనూ మూలం లేదని, వినడానికి బాగుందని పెట్టుకున్నానని ఆమే చెప్పారు. కాబట్టి ధాతువును పట్టుకొని అనువదించే దారి మనకు లేదు. ఆమె ఏ స్థితికి ఆ పేరు పెట్టారో చూసి, ఆ స్థితికి తెలుగువారు ఏమంటారో వెతుక్కోవాలి.

ఆమె వర్ణించిన స్థితి ఇది. ఒకే ఒక మనిషి తలపు, రమ్మనకుండానే వచ్చి, పొమ్మన్నా పోకుండా మనసులో తిరుగుతుంటుంది. ఆ మనిషి మేలు కంటే, ఆ మనిషి కూడా తనను కోరుకోవాలన్నదే అసలు ఆరాటం. ఆశ, అనుమానం రెండూ కలిసి ఉన్నంతకాలమే ఇది పెరుగుతుంది. ఎదుటివారు నిండు మనసుతో అవునన్నా క్రమంగా చల్లబడుతుంది, ఆశకు చోటు లేకుండా కాదన్నా కొంతకాలానికి ఎండిపోతుంది; అటూ ఇటూ కాని మాట చెప్పినప్పుడే ఏళ్లు సాగుతుంది. సాధారణంగా ఏడాదిన్నర నుంచి మూడేళ్లు ఉంటుందని టెన్నోవ్ అంచనా. అందరికీ కలిగేది కాదని, జన్మలో ఒక్కసారీ ఎరగనివారు కూడా ఉంటారని ఆమె గమనించారు. మరొకటి, ఇది వైద్యులు గుర్తించిన రోగం పేరు కాదు. మీ అనువాదంలో ‘రుగ్మత’ అన్న మాట దొర్లకుండా చూసుకోండి.

ఇప్పుడు మీ ముందున్న మాటలు. ‘వ్యామోహం’ ఈనాటి తెలుగులో పదవి మీదా ధనం మీదా పుట్టేది. అందులో తప్పుపట్టే ధ్వని ఉంది. టెన్నోవ్ మాటలో ఆ నింద లేదు. ‘విరహం’ ఎడబాటు. ఎడబాటు అనడానికి అంతకుముందు కలయికో, కనీసం ఒకరికొకరమన్న ఎరుకో ఉండాలి. లిమరెన్స్‌లో అవతలివారికి అసలు సంగతే తెలియకపోవచ్చు. సంపాదకుల దిద్దుబాటును నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే.

‘పూర్వరాగం’ వీటికంటే దగ్గరిది. చూడడం వల్లనో వినడం వల్లనో కలయికకు ముందే పుట్టే రాగాన్ని ఆలంకారికులు అలా పిలిచారు. 14వ శతాబ్దపు ఆలంకారికుడు విశ్వనాథుడు దీన్ని అద్దకపు రంగులతో పోల్చి మూడు విధాలుగా చెప్పాడు. పెద్దగా మెరవకపోయినా మనసును వదలనిది నీలిరాగం, సీతారాములది అటువంటిది. మెరిసి వెలిసిపోయేది కుసుంభరాగం. మెరుస్తూనే వెలవనిది మంజిష్ఠరాగం. కుసుంభం అంటే మన చేలలోని కుసుమే. దాని పూల ఎరుపు అద్దిన నాడు కళ్లు చెదిరేలా ఉంటుంది, ఉతికితే దిగిపోతుంది. ఈ విభజనలో ఒక చిక్కుంది. రంగు నిలిచేదో కాదో ఉతికితే గాని తెలియదు. అలాగే ‘పూర్వ’ అనాలంటే ఆ తరువాతిది జరిగి ఉండాలి. కథ ముగిశాక వెనక్కి చూసి పెట్టే పేరది. టెన్నోవ్ మాట, తరువాత ఏమవుతుందో తెలియకుండా మధ్యలో కొట్టుకుంటున్న స్థితికి పేరు.

నేను ‘మరులు’ వాడమంటాను. ఇది అచ్చమైన ద్రావిడ పదం. కన్నడంలో ‘మరుళు’ అంటే వెర్రి, తమిళంలో ‘మరుళ్’ అంటే మనసు కలవరపడడం. తెలుగులో వలపు అర్థం స్థిరపడినా, అడుగున ఆ తికమక ఇంకా ఉంది. వశం చేసుకోవడానికి పెట్టేదాన్ని మరులుమందు అనడం అందుకే. మాటలో మాట, బట్టకు పట్టుకొని ఒక పట్టాన వదలని ముళ్లకాయల మొక్కకు మరులమాతంగి అని పేరు. మరులు చివర ఉన్న ‘లు’ బహువచనం కాదు. ‘పగలు’ వంటి ఏకవచనమే, కాబట్టి ‘మరులు కలిగింది’ అనాలి గాని ‘కలిగాయి’ అనకూడదు.

ఇక ప్రేమే కదా అన్న మిత్రునికి జవాబు మన వాక్యంలోనే ఉంది. ‘అత్తగారికి ప్రేమగా వడ్డించింది’ అంటాం. ‘మరులుగా వడ్డించింది’ అని ఎవరూ అనరు. ప్రేమ చూపవచ్చు, పంచవచ్చు, ప్రేమతో మందలించవచ్చు కూడా. మరులును చూపడం, పంచడం లేదు; మరులుకొనడం, మరులు పుట్టడం, మరులు కలగడం వంటివే ఉన్నాయి. అంటే ప్రేమ ఎదుటివారి పట్ల మన నడతగా కూడా బయటపడుతుంది. మరులు మన మీదికి వచ్చి పడే అవస్థ. నిలకడైన ప్రేమలో ఎదుటివారి మేలు ముందుంటుందని, లిమరెన్స్‌లో తిరిగి కోరబడడమే ముందుంటుందని టెన్నోవ్ చేసిన భేదాన్ని తెలుగు క్రియలు ఎప్పటినుంచో పాటిస్తున్నాయి.

ఒక ఉదాహరణ చూడండి. ఒక యువకుడు తోటి ఉద్యోగిని పంపిన ‘సరే, చూద్దాం’ అన్న రెండు మాటల సందేశాన్ని పొద్దుటి నుంచి ఇరవై సార్లు చదివాడనుకుందాం. ‘చూద్దాం’లో ‘మనం’ ఉందని ఉదయం పొంగిపోయాడు. ‘సరే’లో విసుగుందని సాయంత్రం కుంగిపోయాడు. ఆ రోజు ఆమెకు జ్వరమని మరొకరు చెబితే, ఆమె ఎలా ఉందో అన్న ఆలోచన కంటే ముందు, జవాబు పొడిగా రావడానికి కారణం దొరికిందన్న ఊరట కలిగింది. ఆ ఊరటే గుర్తు. ఇది మరులు. అదే ఇద్దరూ పదేళ్లు కాపురం చేశాక ‘సరే, చూద్దాం’ అని సందేశం వస్తే అతడు దాన్ని ఒక్కసారి చదివి, మందులచీటీ ఎక్కడ పెట్టిందో అడుగుతాడు. దీన్ని ‘ప్రేమ’ అన్నా, మరింత స్పష్టత కావాలంటే ‘కూరిమి’ అన్నా తప్పులేదు. ‘అనురాగం’ మాత్రం వద్దు. మన కవులు దాన్ని రెండు స్థితులకూ వాడి ఆ గీతను చెరిపేశారు.

మరులుకు లోటు లేకపోలేదు. ఆశనిరాశల ఊగిసలాట దాని అర్థంలో నేరుగా లేదు. పెద్దన మనుచరిత్రలో వరూధిని ప్రవరునిపై మరులుకొంది. అతడు కాదని వెళ్లిపోయినా ఆమెది తగ్గలేదు. చివరకు అతడి రూపు ధరించి వచ్చిన గంధర్వుడితో ఆమె తృప్తి పడింది. ఆమె కోరినది ప్రవరుణ్ణా, తన మనసులో నిలిచిన ప్రవరుని రూపాన్నా అన్న ప్రశ్న ఆ కథ చదివిన ప్రతిసారీ నాకు కలుగుతుంది. మరులు అన్న మాట ఆ రూపం మీది తపన వరకు చక్కగా చెబుతుంది, అనుమానం సంగతి మీరు వాక్యంలో విడిగా చెప్పుకోవాలి.

కాబట్టి వ్యాసంలో మొదటిసారి ‘లిమరెన్స్ అనే మరులు’ అని పరిచయం చేసి, ఆపైన మరులు అనే సాగించండి. ఎవరిపై ఆ స్థితి కలిగిందో ఆ వ్యక్తిని మాత్రం ‘ప్రియుడు’, ‘ప్రేయసి’ అని రాయకండి. ఆ పేర్లు పరస్పరతను ఊహిస్తాయి. ‘మరులుకు గురి అయిన వ్యక్తి’ అన్నా గందరగోళమే, ఎందుకంటే తెలుగులో గురైనవాడే బాధపడేవాడు. ‘ఎవరిపై మరులు కలిగిందో ఆ వ్యక్తి’ అని కాస్త పొడుగ్గానే రాయండి.