‘ఎక్స్‌ప్లెయిన్’ పక్కన ‘మీ’ ఎందుకు పెట్టకూడదు?

ప్రశ్న: ‘టెల్ మీ ద రూల్’ కరెక్టే అంటారు, ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ద రూల్’ అంటే తప్పంటారు. ఎందుకు? సజెస్ట్, రిక్వెస్ట్ కూడా ఇంతేనా?

జవాబు:

టెల్, గివ్, షో, సెండ్ లాంటి కొన్ని క్రియలు మనిషినీ విషయాన్నీ ‘టు’ లేకుండా పక్కపక్కన రానిస్తాయి. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ రానివ్వవు. వాటికి విషయం ముందు, మనిషి ‘టు’తో తర్వాత: ‘ఎక్స్‌ప్లెయిన్ ద రూల్ టు మీ’. లాటిన్ నుంచి వచ్చిన పెద్ద క్రియలు ఇలా ఉంటాయని చెబుతారు కానీ, ‘అసైన్ మీ ద వర్క్’ తప్పు కాదు కదా! అందుకే ఆ సూత్రాన్ని నేను పెద్దగా నమ్ముకోను.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ల మెయిళ్లు పంపేముందు నేను చూస్తుంటాను. ఎక్కువగా కనిపించేది ఇది: ‘మై మేనేజర్ సజెస్టెడ్ మీ టు అప్లై’. ఇక్కడ ‘టు మీ’ అని మార్చినా వాక్యం బాగుపడదు, ఎందుకంటే సజెస్ట్ తర్వాత ‘టు అప్లై’ కూడా కుదరదు. ‘మై మేనేజర్ సజెస్టెడ్ దట్ ఐ అప్లై’ అని రాయిస్తాను. తమాషా ఏమిటంటే ‘షి సజెస్టెడ్ మీ ఫర్ ద పోస్ట్’ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అక్కడ ఆవిడ సూచించింది నన్నే, నా పేరునే.

అనుమానం వస్తే వాక్యాన్ని ‘ఐ వాజ్’తో మొదలుపెట్టి చూడమంటాను. ‘ఐ వాజ్ టోల్డ్ ద రూల్’ నిలబడుతుంది. ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్’ నిలబడదు, ‘ద రూల్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ’ అనాలి. తెలుగులో ‘నాకు చెప్పారు’, ‘నాకు వివరించారు’ రెండూ ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి మన చెవి ఈ తేడాను పట్టించదు.

రిక్వెస్ట్ దారి వేరు. ‘దే రిక్వెస్టెడ్ మీ టు వెయిట్’ తప్పు కాదు, కాస్త లాంఛనంగా ఉంటుందంతే. మనం కూడా ‘నన్ను కోరారు’ అంటాం, ‘నాకు కోరారు’ అనం. కానీ మనిషి పక్కన వస్తువు పెట్టకూడదు: ‘ఐ రిక్వెస్టెడ్ హిమ్ ఎ కాపీ’ కుదరదు, ‘ఐ రిక్వెస్టెడ్ ఎ కాపీ ఫ్రమ్ హిమ్’ అనాలి. ‘ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్’లో ‘ఫర్’ కూడా అనవసరం. ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అని నామవాచకంగా వాడినప్పుడే దానికి చోటు.

ఇంకొక్క మాట. విషయం పొడుగ్గా ఉంటే ‘టు మీ’ ముందుకు జరుగుతుంది: ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ వై ద పేమెంట్ ఫెయిల్డ్’. విషయాన్నే ముందు పెట్టాలన్న పట్టుదలతో ‘టు మీ’ని చివరికి నెడితే, ఫెయిలైన పేమెంటు నాకు రావాల్సిందేమో అనిపిస్తుంది. ముందుకు జరపండి, ‘టు’ని మాత్రం వదలకండి.