గోడ మీద తీగ రెండర్: చదరపు మీటరుకు ఎన్ని ఆకులు?

"బ్లెండర్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ముందు గోడకి మెష్ కట్టి, ప్రతి అంతస్తులో ప్లాంటర్ బాక్సుల్లోంచి రాధామనోహరం తీగ పాకించాను. ఆకులు తగ్గిస్తే గోడ బోసిగా ఉంటోంది, పెంచితే పచ్చ తివాచీ అంటించినట్టు వస్తోంది. డెన్సిటీ ఎంత పెట్టాలి?"

ఆకు కొలత తెలిస్తే ఈ అంకె లెక్క కట్టొచ్చండి, ఊహించక్కర్లేదు. రాధామనోహరం ఆకు 10 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు అనుకోండి. కోలగా ఉంటుంది కాబట్టి పొడవు, వెడల్పుల గుణకారంలో 70 శాతం తీసుకుంటే వైశాల్యం 35 చదరపు సెం.మీ. వస్తుంది. అంటే చదరపు మీటరు గోడకి సరిసమానమైన ఆకు కావాలంటే 10,000ని 35తో భాగించి, 286 ఆకులు.

కానీ 286 వేస్తే గోడ కప్పబడదు. ఆకులు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఇంకా 37 శాతం గోడ కనిపిస్తూనే ఉంటుంది. రెట్టింపు చేసి 572 వేస్తే సుమారు 14 శాతం, మూడు రెట్లు వేస్తే 5 శాతం మిగులుతుంది. ఆకులు గోడకి సమాంతరంగా ఉంటేనే ఈ లెక్క. వాలుగా ఉంటే సందులు ఇంకాస్త ఎక్కువ. బాగా పెరిగిన తీగకి నేను రెండు రెట్ల దగ్గర మొదలుపెడతాను. మూడు దాటిస్తే మీరన్న తివాచీయే. డెన్సిటీ పెట్టేముందు గోడ ఆబ్జెక్ట్‌కి Ctrl+A నొక్కి Scale అప్లై చేయండి, లేకపోతే మీటరు లెక్క మొత్తం తప్పుతుంది.

అసలు తేడా ఇక్కడుంది: ఆ 572 ఆకుల్ని Distribute Points on Faces తో నేరుగా గోడ మీద చల్లకండి. దగ్గరికెళ్లి చూస్తే కాడ లేని ఆకులు గాల్లో వేలాడుతుంటాయి. రాధామనోహరానికి కణుపు దగ్గర ఎదురెదురుగా రెండేసి ఆకులొస్తాయి. కణుపుల మధ్య 6 సెం.మీ. పెట్టుకుంటే మీటరు కొమ్మకి 33 ఆకులు, అంటే చదరపు మీటరు గోడకి సుమారు 17 మీటర్ల కొమ్మ కావాలి. చాలామంది నాలుగైదు ప్రధాన తీగలు గీసి ఆపేస్తారు, ఆకులు సరిపోక సైజు పెంచుతారు. 3 × 3 మీటర్ల ప్యానెల్‌కి అరమీటరు పిల్లకొమ్మలు 300 పైగా అవసరం. కర్వ్ మీద Curve to Points, Length మోడ్‌లో 0.06 m పెట్టి, అక్కడ ఆకుల జతని Instance on Points తో ఎక్కించండి. ఆకు సైజు 0.7 నుంచి 1.15 మధ్య మాత్రమే మారనివ్వండి.

ఇక అంతటా ఒకే డెన్సిటీ ఉంటే ఎంత సరిగ్గా లెక్కేసినా కృత్రిమంగానే కనిపిస్తుంది. ముదురు తీగ అడుగున, బాక్సు దగ్గరి అరమీటరులో కాండం కట్టెలా తేలి, ఆకులు పలచగా ఉంటాయి. మధ్యలో గుబురు. పైకి వెళ్లేకొద్దీ మళ్లీ పలచబడి, లేత చిగుళ్లు మెష్ దాటి బయటికి చాస్తాయి. పిల్లకొమ్మల సంఖ్యని ఎత్తు ప్రకారం తగ్గించి పెంచండి, పెద్ద నాయిస్ ఒకటి కలిపి అక్కడక్కడ అరమీటరు ఖాళీలు వదలండి. మెష్‌ని గోడకి 10 సెం.మీ. ఎడంగా పెట్టి, గుబురుకి 20 సెం.మీ. వరకు మందం ఇవ్వండి. ఆ సందులో పడే నీడ లేకపోతే వాల్‌పేపర్‌లా కనిపిస్తుంది.

ఆకు ముఖం బయటికీ ఆకాశంవైపుకీ తిరిగి, కొన కిందికి వాలాలి. అన్ని దిక్కులకీ రాండమ్ రొటేషన్ ఇస్తే పెళ్లిలో చల్లిన రంగుకాగితాల్లా ఉంటుంది. పూలు పెడితే ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు కలపండి. ఈ పువ్వు తెల్లగా విచ్చుకుని, తర్వాత రోజుల్లో ఎర్రబడుతుంది.

బాక్సుల విషయానికొస్తే, మట్టి అంచుకి 5 సెం.మీ. కిందుండాలి, నీళ్లు పోయే రంధ్రం కింద మరక ఉండాలి. 3 మీటర్ల పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు ఉన్న బాక్సులో తడిమట్టి ఒక టన్నుకి దగ్గరగా తూగుతుంది కాబట్టి, కింద స్లాబో బ్రాకెట్లో చూపించండి. ఇంజనీరు క్లయింటు ముందు అదే చూస్తాడు.

చివరగా, ఆకుల మధ్య నల్లమచ్చలొస్తే డెన్సిటీ తగ్గించకండి. ఆల్ఫా కార్డులు వాడితే సైకిల్స్‌లో Light Paths కింద Transparent బౌన్సులు మామూలుగా 8 ఉంటాయి. కిరణం అన్ని పొరలు దాటలేక ఆగిపోతుంది. 24 వరకు పెంచండి, లేదా ఆకు ఆకారంలో కత్తిరించిన మెష్ వాడండి. నాకు రెండోదే నయమనిపిస్తుంది, రెండర్ కూడా త్వరగా అవుతుంది. Realize Instances మాత్రం పెట్టకండి, ర్యామ్ నిండిపోతుంది.