కాన్‌కాన్ అంటే చూడు చూడు కాదు

అమ్మాయీ,

నీ అనువాదం మంగళవారం అందింది. ఆ రాత్రే చదవడం మొదలుపెట్టి, మూడో పేజీ దగ్గర ఆపేశాను. ఆపింది ఒక్క వాక్యం. చదువురాని ముసలామె, పట్నంలో ఉన్న మనవరాలు రాసిన ఉత్తరం పట్టుకుని పక్కింటి మాస్టారి గుమ్మంలో నిలబడుతుంది. చైనీస్‌లో ఆమె అన్న మాట "నీ బాంగ్ వో కాన్‌కాన్". నువ్వు రాసింది "నాకు సాయం చేయి, చూడు చూడు!"

ఆమె అలా అనలేదమ్మా. మనం చూడు చూడు అని ఎప్పుడంటాం? ఆకాశంలో ఇంద్రధనస్సు కనబడినప్పుడు, పిల్లాడు మెట్ల మీంచి పడబోతున్నప్పుడు. అందులో ఆత్రం ఉంది, తొందర ఉంది. కాన్‌కాన్‌లో ఆ రెండూ లేవు. చైనీస్‌లో క్రియని రెండుసార్లు అంటే ఆ పని చిన్నదైపోతుంది. ఎక్కువ సేపు పట్టదు, నీకేమంత శ్రమ ఉండదు, వీలైతేనే చేయి అని అడిగే గొంతు అది. పెద్దమనిషిని ఇబ్బంది పెడుతున్నానేమో అని బెరుకుగా నిలబడ్డ మనిషి నోట్లోంచి వచ్చే మాట. నేనైతే "కాస్త చూసిపెట్టు నాయనా" అని రాస్తాను. 'బాంగ్ వో' అంటే 'నాకు సాయంగా' అని అర్థం సరే, కానీ ఆ పనిని తెలుగులో 'పెట్టు' ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది. రెండో 'కాన్' చేసే పనిని 'కాస్త' చేస్తుంది.

నీ దగ్గర రికార్డింగులు ఉన్నాయన్నావుగా, ఒకసారి చెవిపెట్టి విను. మొదటి కాన్ పైనుంచి కిందికి గట్టిగా దిగుతుంది, చైనీస్ పలుకుబడిలో అది నాలుగో స్వరం. రెండో దానికి స్వరమే ఉండదు, పొట్టిగా, తేలిగ్గా జారిపోతుంది. చైనీయులకి ఆత్రం లేదని కాదు. ఇంద్రధనస్సు కనబడితే వాళ్ళూ "కాన్, కాన్!" అంటారు. అప్పుడు మధ్యలో చిన్న ఆగుడు ఉంటుంది, రెండూ సమానంగా దిగుతాయి. కాగితం మీద రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టే కళ్ళతో మాత్రమే చదివే అనువాదకుడు బోల్తా పడతాడు.

అదే పేజీలో ఇంకొకటి. "మాస్టారు ఉత్తరాన్ని చూసి చూసి" అన్నావు. అసల్లో ఉన్నది 'కాన్‌లకాన్'. జరిగిపోయిన పనికి 'ల' అనే మాటని రెండు కాన్‌ల మధ్యలో పెడతారు, చివర పెడితే తప్పు. దాని అర్థం అలా ఓ చూపు చూశాడని. మనకి చూసి చూసి అంటే కళ్ళు కాయలు కాసేలా చూడటం. నీ వాక్యం చదివినవాడు మాస్టారికి ఆ దస్తూరీ అర్థం కాలేదనుకుంటాడు, లేదా ఉత్తరంలో చావు కబురు ఉందనుకుంటాడు. రెండూ కావు. ఆయన ఒక చూపు చూసి కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళాడు, అంతే. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు ఒక గుర్తు చెప్తాను. 'చూస్తూ ఉన్నాడు' అని సాగే పనికి ఈ రెట్టింపు అతకదు. సాగే పనికి గుర్తుగా ముందు పెట్టే 'జై'ని చేర్చి 'జై కాన్‌కాన్' అని ఏ చైనీయుడూ అనడు. మూడు ఉత్తరాలు, ఐదు పుస్తకాలు అని లెక్క చెప్పినా అతకదు. సాగదీసిన పనీ లెక్కపెట్టిన పనీ ఇందులో ఇమడవు కాబట్టి, తెలుగులో సాగతీత వినబడిందంటే నువ్వు దారి తప్పినట్టే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ తప్పు వల్ల నేను ఒకసారి ఉద్యోగం పోగొట్టుకున్నాను. చైనీస్ నేర్చుకున్న కొత్తలో, చీమకుర్తి గ్రానైట్ అమ్మే ఒక వ్యాపారి వెంట దుబాసీగా షియామెన్ వెళ్ళాను. రాళ్ళ వ్యాపారానికి పేరున్న రేవు పట్టణం అది. కొనేవాళ్ళు నల్ల రాయి మీద నీళ్ళు చల్లి, గెలాక్సీ మెరుపులు వేలితో తడిమి, ధర విని, నవ్వుతూ "వోమెన్ కావ్‌ల్యూ కావ్‌ల్యూ" అన్నారు. కావ్‌ల్యూ అంటే ఆలోచించడం. మాట రెండుసార్లు వచ్చింది కదా అని నేను మన తెలుగు చెవితో విన్నాను. "బాగా ఆలోచించి చెప్తామంటున్నారండీ" అన్నాను. ఆయన సంబరపడిపోయి, ఇంకో బేరం వదులుకుని, రాళ్ళని రేవులోనే ఉంచి రెండు వారాలు ఎదురుచూశారు. వాళ్ళన్నది "చూద్దాంలెండి" అని. మన పెళ్ళిచూపుల్లో "కబురు చేస్తాం" అంటారే, అలాంటిది. తిరిగొచ్చాక ఆయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు, మళ్ళీ పిలవలేదు, అంతే. రెండేసి అక్షరాల క్రియలు అలాగే మొత్తంగా మళ్ళీ వస్తాయి, కావ్‌ల్యూ కావ్‌ల్యూ, షాంగ్‌ల్యాంగ్ షాంగ్‌ల్యాంగ్ అని. అవి వినబడితే ఇప్పటికీ నాకు రాయి మీద నీళ్ళ తడి గుర్తొస్తుంది.

ఆ ఊళ్ళోనే రాళ్ళు కోసే యార్డు గేటు మీద ఎర్రటి అక్షరాలతో ఒక నినాదం ఉండేది. చైనాలో ఫ్యాక్టరీల దగ్గర, కట్టుబడి పనుల దగ్గర మామూలుగా కనబడేదే. "గావ్‌గావ్ షింగ్‌షింగ్ షాంగ్ బాన్, పింగ్‌పింగ్ ఆన్‌ఆన్ హుయ్ జ్యా." హుషారుగా పనికి వెళ్ళు, క్షేమంగా ఇంటికి చేరు అని. ఇక్కడ రెట్టించింది క్రియని కాదు, విశేషణాన్ని. గావ్‌షింగ్ అంటే సంతోషం. దాన్ని మొత్తంగా కాకుండా, ఏ అక్షరానికి ఆ అక్షరం రెట్టించారు. ఇక్కడ పని చిన్నది కావడం లేదు, నిండుతోంది. ఆ సంతోషం మనిషి నడకలో, మొహంలో పైకి కనబడుతోందన్నమాట.

నీ కథలో గావ్‌షింగ్ రెండు చోట్ల వచ్చింది, రెండు చోట్లా నువ్వు "చాలా చాలా సంతోషంగా" అనే రాశావు. మొదటిది ఉత్తరం చదివించుకున్నాక ముసలామె ఇంటికి వెళ్ళే చోటు, గావ్‌గావ్ షింగ్‌షింగ్. రెండోది మనవరాలి ఉత్తరంలో, కొత్త సంవత్సరానికి వచ్చి "రాంగ్ నైనై గావ్‌షింగ్ గావ్‌షింగ్" అన్న చోటు. అక్షరాలు అవే, వరస మారింది. గావ్‌గావ్ షింగ్‌షింగ్ ఒక బొమ్మ. గావ్‌షింగ్ గావ్‌షింగ్ అన్నప్పుడు ఆ మాట క్రియగా మారి కాన్‌కాన్ దారి పడుతుంది, అంటే నాయనమ్మని కాస్త సంతోషపెడదామని. ఒకచోట మనిషి వెలిగిపోతోంది, ఇంకోచోట ఒక పిల్ల తనవల్ల అయ్యే చిన్న పని చేస్తానంటోంది. ఆ పిల్ల మూడేళ్ళుగా ఇంటికి రాలేదు, గుర్తుందా? అందుకే చిన్న మాట వాడింది. నువ్వు దాన్ని "చాలా చాలా"తో పెద్ద వాగ్దానం చేసేశావు.

అసలు గావ్‌గావ్ షింగ్‌షింగ్‌కి ముందు 'చాలా' అనే 'హెన్'ని చైనీస్ వ్యాకరణమే రానివ్వదు. హెన్ గావ్‌షింగ్ అనొచ్చు, హెన్ గావ్‌గావ్ షింగ్‌షింగ్ అనకూడదు. కొలత అంతా మాటలోనే ఉంది, బయటి నుంచి ఇంకో తూకం అక్కర్లేదు. వాళ్ళ భాష వద్దన్న మాటనే ఏరి మరీ ఎందుకు పెట్టావు? మనకి ఇలాంటి చోట రెట్టింపు కన్నా జంటమాటలు బాగా నప్పుతాయి. ఆడుతూ పాడుతూ ఉంది, నవ్వుతూ తుళ్ళుతూ ఉంది. ముసలామె కాబట్టి తుళ్ళింత కుదరకపోతే "మొహం వెలిగిపోతుంటే ఇంటిదారి పట్టింది" అను. గాన్‌గాన్ జింగ్‌జింగ్ వస్తే "చాలా శుభ్రంగా" అని రాసి వదిలేయకు, మనకి కడిగిన ముత్యం ఉంది.

ఇక ఆ జడ సంగతి. 'చాంగ్‌చాంగ్ ద బ్యెన్‌జ' చూసి "పొడుగు పొడుగు జడలు" అన్నావు. ఆ పిల్లకి ఒకటే జడ. ముందు పేజీలో నాయనమ్మ దాన్ని అల్లింది కూడా. తెలుగులో విశేషణాన్ని రెట్టిస్తే వస్తువులు పెరుగుతాయి. పెద్ద పెద్ద చెట్లు అంటే చాలా చెట్లు ఉన్నాయని. చైనీస్‌లో అది లెక్క కాదు, ముద్దు. వ్యాకరణవేత్త జు దషీ 1956లో రాసిన వ్యాసంలో ఈ సంగతి విప్పి చెప్పాడు. ఇలాంటి విశేషణం నామవాచకానికి ముందు వస్తే ఒత్తిడి తగ్గి ఇష్టం ధ్వనిస్తుంది, క్రియకి ముందో వెనకో వస్తే ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ పొడుగు ఎంతో కాదు, ఆ జడని ప్రేమగా చూస్తున్న కళ్ళు ముఖ్యం. "బారెడు జడ" అను. మన అమ్మమ్మలు ఆ మాట మురిసిపోతూనే అనేవాళ్ళు.

నీకు ఎవరైనా సంపాదకుడు "ఈ కాస్తలూ ఓసారిలూ ఎందుకు, వాక్యం బిగించు" అంటే లొంగకు. నేను లొంగాను. ఒక వారపత్రికలో నా మొదటి చైనీస్ కథ వచ్చినప్పుడు, నేను ఏరి ఏరి పెట్టుకున్న పదకొండు చిన్నమాటలు కొట్టేశారు. అచ్చులో చూసుకుంటే, బతిమాలుకునే రైతు పోలీసులా మాట్లాడుతున్నాడు. "ఇది చూడు. ఇక్కడ ఆగు. నాకు చెప్పు." ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదు, ఎందుకు రాస్తాడు, ఆ రైతు మీద జాలి పుట్టే దారే మూసేశారు కదా. పొదుపు పేరుతో వచ్చిన ఈ ఫ్యాషన్ మన అనువాదాల్లో మర్యాదని తినేసింది. ఇంగ్లీషు మీంచి చేసేవాళ్ళ సంగతి మరీ అన్యాయం. అక్కడ కాన్‌కాన్ మామూలు చూపుగా మారిపోయి ఉంటే వాళ్ళకి తెలిసే దారే లేదు. నువ్వు మూలం చదవగలవు. చదవగలిగి కూడా వదిలేస్తే ఇంకెవరు పట్టుకుంటారు?

ఇక మూలంలో క్రియల రెట్టింపులన్నిటి కిందా ఒక గీత గీయి, విశేషణాల కింద రెండు గీతలు. తర్వాత గీత ఉన్న ప్రతి వాక్యాన్నీ పైకి చదివి, ఎవరు ఎవరితో అంటున్నారో పక్కన రాసుకో. నీ కథలో నాకు ముప్పై నాలుగు దొరికాయి, నువ్వు పట్టించుకున్నవి ఏడు.

చివరి పేజీలో మనవరాలు తిరిగి వెళ్ళిపోతుంటే ముసలామె గుమ్మంలోంచి "మాన్‌మాన్ జౌ" అంటుంది. మాటకి మాట పెడితే మెల్లమెల్లగా నడువు అని. నువ్వు అక్కడ "పదిలంగా వెళ్ళిరా అమ్మా" అని రాశావు. ఆ లైను మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ వయసున్న ఒక అనువాదకురాలు