ఏ4 అంటే కాగితం ఒక్కటే కాదు

సార్, అసైన్‌మెంట్లు స్కాన్ చేసి పంపాలని మా కాలేజీ పరీక్షల విభాగం నోటీసు పెట్టింది. ఒకే పీడీఎఫ్, ఏ4 సైజు, 5 ఎంబీ లోపు ఉండాలట. నా 12 పేజీల ఫైలు 38 ఎంబీ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో ఎంత కుదించినా తగ్గడం లేదు. ఉచితంగా సైజు తగ్గించే వెబ్‌సైట్‌లో పెట్టవచ్చా?
– బీటెక్ విద్యార్థి

పెట్టవద్దు. సెమిస్టర్ ముగిసే ప్రతిసారీ ఇదే ప్రశ్న వస్తుంది, అడిగేవారిలో చాలామంది అప్పటికే పెట్టేసి ఉంటారు. మీ మొదటి పేజీలో ఏముందో ఒకసారి చూడండి: పేరు, హాల్ టికెట్ నంబరు, తెల్ల కాగితం మీద స్పష్టమైన సంతకం. కొందరు ఐడీ కార్డు నకలు కూడా జతచేస్తారు. ఆ సంతకాన్ని కత్తిరించి మరో దరఖాస్తు మీద అతికించడానికి రెండు నిమిషాలు చాలు. గంటలో ఫైలు తొలగిస్తామని సైటు రాసుకున్నా, తొలగించారో లేదో తెలుసుకునే దారి మీకు లేదు.

మీ ఫైలు తగ్గకపోవడానికి కారణం పేజీ కొలత. కొన్ని స్కాన్ యాప్‌లు ఫొటోలోని ఒక్కో పిక్సెల్‌ను పేజీ మీద ఒక్కో పాయింటుగా లెక్కిస్తాయి. అంగుళానికి 72 పాయింట్లు. అంటే 3000 × 4000 పిక్సెళ్ల ఫొటో దాదాపు 106 సెంటీమీటర్ల వెడల్పు, 141 సెంటీమీటర్ల ఎత్తున్న పేజీ అవుతుంది. అంత పెద్ద పేజీ మీద అంగుళానికి 72 పిక్సెళ్లే పడతాయి కాబట్టి, ఇంకా తగ్గించాల్సిందేమీ లేదని కుదించే సాఫ్ట్‌వేర్ వదిలేస్తుంది. ఫైలు ప్రాపర్టీస్‌లో పేజీ కొలత చూస్తే విషయం తెలిసిపోతుంది. అక్కడ 210 × 297 మిల్లీమీటర్లు ఉండాలి.

మళ్లీ స్కాన్ చేసే వీలుంటే యాప్ సెట్టింగుల్లో పేజీ సైజును ఏ4కు, రంగును గ్రేస్కేలుకు మార్చండి. పూర్తి నలుపు-తెలుపు వద్దు, పెన్సిల్‌తో గీసిన సర్క్యూట్ గీతలు అందులో మాయమవుతాయి. ఉన్న ఫైలునే సరిచేయాలంటే ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్‌లను మార్చే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, `in.pdf` బదులు మీ ఫైలు పేరు పెట్టి ఈ కమాండ్ ఇవ్వండి. విండోస్‌లో `gs` బదులు `gswin64c` అని టైప్ చేయాలి.

```
gs -sDEVICE=pdfwrite -sPAPERSIZE=a4 -dFIXEDMEDIA -dPDFFitPage -dPDFSETTINGS=/ebook -o out.pdf in.pdf
```

ఇది పేజీని ముందు ఏ4కు తెచ్చి, ఆ తర్వాత బొమ్మను అంగుళానికి 150 పిక్సెళ్లకు తగ్గిస్తుంది. చేతిరాత పేజీ సాధారణంగా రెండు మూడు వందల కేబీలకు దిగుతుంది, 12 పేజీలూ 5 ఎంబీలో పడతాయి. పంపేముందు చిన్న అక్షరాలున్న సమీకరణాన్ని పెద్దది చేసి చదవండి.

నా కోపం మాత్రం నోటీసు రాసినవారి మీద. ఏ4 అన్నారు, కాగితమా, ఫైలులోని పేజీయా అన్నది చెప్పలేదు. 5 ఎంబీ అన్నారు, అక్కడికి ఎలా చేరాలో చెప్పలేదు. యాప్‌లో ఏ4 ఎంచుకోండి, బయటి సైట్లలో పెట్టకండి అని రెండు వాక్యాలు చేర్చి ఉంటే, గడువు రాత్రి అన్ని సంతకాలు ఎవరివో తెలియని సర్వర్లకు చేరేవి కావు.